రంగుల కాగితంలో లేని లైను

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే మా కాలనీలో ప్రతి గేటుకూ ఒక రంగుల కాగితం దోపి వెళ్లారు. కొత్తగా ప్రైమరీ స్కూలు పెడుతున్నారట. ఆదివారం ఓపెన్ డే, తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని రావాలట. నున్నటి ఆర్ట్ పేపరు, నాలుగు పేజీలు. ముఖచిత్రం మీద గ్లోబు పట్టుకున్న పిల్లవాడిది మన జిల్లా కాదు సరికదా, మన ఖండమే కాదు. లోపల డిజిటల్ బోర్డులు, రోబోటిక్స్, ఒకటో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. అంతా చదివాను. ఈ బడికి అనుమతి ఉందని చెప్పే లైను మాత్రం ఎక్కడా లేదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా అని, ఇంకా నడిపితే రోజుకు పదివేల దాకా అని 18వ సెక్షన్ చెబుతోంది. కొత్త బడి కాబట్టి 11 అంకెల యూడైస్ కోడ్ ఇంకా రాకపోయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. డీఈఓ ఆఫీసు ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ అయినా వేయాలి కదా! అడిగితే ‘అప్లై చేశాం సార్, వచ్చేస్తుంది’ అంటారు. అంటే లేదని. ఇలాంటి చోట్ల పిల్లల పేర్లు గుర్తింపు ఉన్న మరో బ్రాంచి రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఊరు మారి టీసీ అడిగినప్పుడు, పిల్లవాడు గడప కూడా తొక్కని స్కూలు పేరు దాని మీద కనిపిస్తుంది. కట్టిన ఫీజు రసీదు మీద ఏ పేరుందో చూసుకుంటే ఈ సంగతి మొదట్లోనే తెలిసిపోతుంది.

ఇక ఆ కాగితంలో నాకు బాగా నచ్చిన అబద్ధం: ‘ప్రతి 20 మందికి ఒక టీచర్’. చివరి పేజీలో వాళ్లే రాసుకున్నారు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 సీట్లు అని. పది సెక్షన్లు, 400 మంది పిల్లలు. వాళ్ల మాట నిజమైతే 20 మంది టీచర్లు కావాలి, అంటే గదికి ఇద్దరు. గదిలో ఉండబోయే ఆ రెండో మనిషి ఎవరని ఓపెన్ డే నాడు అడిగి చూడండి. ఆయమ్మ అయినా అయి ఉండాలి, వారానికోసారి వచ్చే కరాటే మాస్టారైనా అయి ఉండాలి. 200 మంది దాటిన ప్రైమరీ బడిలో 40 మందికి ఒకరు, హెడ్మాస్టరును లెక్కలోంచి తీసేసి, ఉండాలని చట్టం. అంటే వీళ్లు ఇవ్వబోయేది చట్టం చెప్పిన కనీసమే, కాగితం మీద మాత్రం దానికి రెట్టింపు!

‘పిల్లలతో చిన్న ఇంటరాక్షన్’ అని ఇంకొకటి. ఏబీసీడీలు అడిగి సీటు ఇవ్వడమో మానడమో చేస్తే దాన్ని వడపోత అంటారు. 13వ సెక్షన్ దాన్ని నిషేధించింది. మొదటిసారికి 25 వేల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. పేరు మార్చి సోఫాలో కూర్చోబెట్టి అడిగితే పరీక్ష కాకుండా పోతుందా?

నన్ను రాయమంటే ఆహ్వానం ఇంతే రాస్తాను: ‘ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా రండి. అనుమతి పత్రం గేటు దగ్గర అంటించాం. ఒకటో తరగతికి 80 సీట్లు. చెప్పబోయే టీచర్లు ఆ రోజు ఆ గదుల్లోనే ఉంటారు, వారి చదువు తలుపు మీద రాసి ఉంటుంది. ఏడాది ఫీజు, పుస్తకాలు, బస్సు అన్నీ కలిపి ఇంత. పిల్లల్ని ఏమీ అడగం. మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం మీరే తిరిగి చూడండి.’ అర పేజీ చాలు. ‘అనుభవజ్ఞులైన అధ్యాపకులు’ అని రాయడం తేలిక, డీఎడ్, టెట్ ఉన్నవాళ్లను పెట్టుకోవడం ఖరీదు. ప్రైమరీ టీచరుకు బీఎడ్ చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా.

అసలు నా కోపం ఈ స్కూలు మీద కాదేమో. మా వీధి చివర సర్కారు బడి ఉంది. డీఎడ్, టెట్, గుర్తింపు, మధ్యాహ్న భోజనం అన్నీ ఉన్నాయి. లేనిదల్లా కాగితం. (ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లన్న బాధ ఉంది, అది ఇంకో వారం.) ఆ టీచర్లు మా గుమ్మం ఎక్కేది జూన్‌లో, బడిబాట పేరుతో, మండుటెండలో. అప్పటికి కాలనీ పిల్లలందరికీ ఇంకో బడి యూనిఫాం కొలతలు కూడా తీసేసి ఉంటారు. బడిబాటను జనవరికి జరపడానికి విద్యాశాఖకు ఏం అడ్డం? ఆ ఇద్దరు టీచర్ల పేర్లు, చదువు, సర్వీసు అచ్చు వేసి ప్రతి గేటుకూ ఒక కాగితం దోపించండి, ఆర్ట్ పేపరు కాకపోయినా ఫర్వాలేదు.