అర్ధరాత్రి "హాయ్" మర్యాదేనా?

ఈ మాట కొందరికి చేదుగా ఉండొచ్చు. అయినా చెప్పక తప్పదు.

మొన్న రాత్రి పన్నెండున్నరకి నా ఫోన్ టింగుమంది. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, అక్కడప్పుడు మధ్యాహ్నం రెండు. గుండె గుభేలుమంది. చీకట్లో కళ్ళజోడు తడుముకుని చూస్తే మన సభ్యులొకరు "హాయ్" అన్నారు. అంతే, ఇంకో ముక్క లేదు. ఒంట్లో బాగాలేదేమోనని "చెప్పండి" అని రాసి కూర్చున్నాను. జవాబు పొద్దున పదింటికి వచ్చింది: "ఏం లేదండీ, ఊరికే!" ఆ ఊరికేకి నాకు మూడింటి దాకా నిద్ర లేదు.

"సైలెంట్‌లో పెట్టుకోవచ్చుగా" అంటారు. పాతికేళ్ళ కుర్రాడు పెట్టుకుంటాడు. పిల్లలు పరదేశంలో, పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నవాళ్ళం ఎలా పెట్టుకుంటాం? ముఖ్యమైన నంబర్ల కాల్స్ మాత్రమే మోగే ఏర్పాటు ఫోన్‌లో ఉందన్నది నిజమే. మన గ్రూపులో డెబ్బై దాటినవాళ్ళలో ఎంతమందికి అది పెట్టుకోవడం వచ్చు? తలుపు కొట్టేవాడు వేళ చూసుకోవాలి గానీ, లోపలున్నవాడు చెవుల్లో దూది పెట్టుకోవాలా?

ఇక గుడ్ మార్నింగ్ సంగతి. నాలుగింటికి లేచి, సుప్రభాతం పెట్టి, పాల ప్యాకెట్ వచ్చేలోపు పువ్వుల బొమ్మ పంపే పెద్దలంటే నాకు గౌరవమే. వాళ్ళది ప్రేమ. కానీ గ్రూపులో ఒకరు మొదలుపెడితే ఇరవైమంది బదులిస్తారు. ఈ బొమ్మలతో మన ఫోన్లు నిండిపోతున్నాయని 2018లో గూగుల్ వాటిని ఏరి తుడిచే సదుపాయమే తన యాప్‌లో పెట్టింది!

ఫోన్ నిండితే తుడుచుకుంటాం. అసలు నష్టం వేరే ఉంది. పోయిన నెల ఒక సభ్యుడు తన తండ్రికి ప్లేట్‌లెట్లు కావాలని రాత్రి పదకొండు నలభైకి గ్రూపులో అడిగారు. ఈ టింగుల బాధ పడలేక సగంమంది గ్రూపును ఎప్పుడో మ్యూట్ చేసేశారు, వాళ్ళకి మోగలేదు. పొద్దున చూసినవాళ్ళకి పైన పువ్వులూ దేవుళ్ళే కనబడ్డారు. దాత దొరికింది మర్నాడు పదకొండింటికి, అదీ ఆయన ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే.

అందుకే నా మాట సూటిగా చెబుతాను. అర్ధరాత్రి ఉత్త "హాయ్" అమర్యాదే. తెల్లవారుజామున గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా అంతే, పంపినవారి మనసు ఎంత మంచిదైనా సరే. గ్రూపులో ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకానే రాద్దాం. విడిగా రాస్తే మొదటి వాక్యంలోనే విషయం చెబుదాం, "రేపు చూసినా చాలు" అని చేరుద్దాం. ప్రాణం మీదికొస్తే మాత్రం మెసేజ్ వద్దు, ఏ వేళైనా ఫోన్ చేయండి. లేచి వస్తాం.

కోపమొస్తే కింద తిట్టండి. ఆరు దాటాక.