పీజీ హాస్టల్ అడ్రస్‌తో బ్యాంకు ఖాతా ఇవ్వరా? ఐటీ కారిడార్‌లో తొలి నెల చిక్కులు ఇవీ

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఉద్యోగానికి కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది ముందు దిగేది పీజీ హాస్టల్‌లోనే. అక్కడ అద్దె ఒప్పందం ఉండదు. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద వస్తుంది. ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంటుంది. ‘లోకల్ అడ్రస్ ప్రూఫ్ తెండి’ అని బ్యాంకులో అడిగితే ఏం చేయాలి?

ఒడిశాలోని బరంపురం నుంచి రాయదుర్గంలో ఉద్యోగానికి వచ్చిన ఒక తెలుగు యువకుడిని ఉదాహరణగా తీసుకుందాం. నెల జీతం రూ.55,000. ఉంటున్నది గచ్చిబౌలి హాస్టల్‌లో.

ముందు ఫోన్ సంగతి. నిజానికి అతనికి కొత్త సిమ్ అవసరమే లేదు. ఊరి నంబరు ఇక్కడా పనిచేస్తుంది. కంపెనీ మారాలనుకుంటే 2015 జులై నుంచి దేశంలో ఏ సర్కిల్‌కైనా అదే నంబరుతో పోర్ట్ కావచ్చు. కొత్త సిమ్మే కావాలంటే షాపులో ఆధార్‌తో పాటు ఇక్కడి అడ్రస్, తెలిసినవాళ్ల ఫోన్ నంబరు కూడా అడుగుతారు. అతని ఆధార్ వేరే టెలికాం సర్కిల్‌ది కావడమే దీనికి కారణం. విజయవాడ నుంచి వచ్చినవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు. 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఏపీ, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్.

అయితే కొత్త సిమ్ తీసుకున్నామని పాతదానికి రీచార్జ్ మానేయడం పెద్ద పొరపాటు. ఆధార్ ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. అది ఆగిపోతే బ్యాంకు పని కూడా ఆగుతుంది.

ఇక బ్యాంకు. అద్దె ఒప్పందం లేకపోతే ఖాతా రాదనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. రిజర్వ్ బ్యాంక్ కేవైసీ నిబంధనలు అలా చెప్పడం లేదు. ఆధార్ ఈ-కేవైసీ చేయించుకునే వ్యక్తి ప్రస్తుతం వేరేచోట ఉంటుంటే, ఆ అడ్రస్‌ను స్వయంగా రాసి సంతకం చేసిన డిక్లరేషన్ ఇవ్వవచ్చు. 2019 సవరణతో వచ్చిన వెసులుబాటు ఇది. కాబట్టి మన యువకుడు బ్రాంచ్‌కు వెళ్లి వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించుకుని, హాస్టల్ అడ్రస్‌తో డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది.

పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఇచ్చి ఖాతా తెరిచేవాళ్ల విషయం వేరు. అందులో పాత అడ్రస్ ఉంటే రెండు నెలలు దాటని కరెంటు, నీటి, పైపు గ్యాస్, పోస్ట్‌పెయిడ్ బిల్లు లాంటిది చూపాలి. ఆ తర్వాత మూడు నెలల్లో కొత్త అడ్రస్ ఉన్న అసలు గుర్తింపు పత్రం ఇవ్వాలి. కొందరు హెచ్ఆర్ నుంచి ‘ఫలానా చోట ఉంటున్నాడు’ అని లెటర్ తెస్తారు. నిబంధనల్లో ఉన్నది ఆ లెటర్ కాదు. ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు, లిస్టెడ్ కంపెనీలు వంటివి తామే వసతి కేటాయిస్తూ ఇచ్చే పత్రం మాత్రమే.

అసలు చిక్కు మరోచోట ఉంది. యాప్‌లో ఆధార్ ఓటీపీ కొట్టి అయిదు నిమిషాల్లో తెరిచిన ఖాతా పూర్తి ఖాతా కాదు. అందులో నిల్వ రూ.లక్ష దాటకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో పడే మొత్తం జమలు రూ.2 లక్షలు మించకూడదు. ఏడాదిలోగా పూర్తి కేవైసీ చేయించుకోవాలి. మన యువకుడు జులైలో చేరాడనుకుంటే మూడు జీతాలకు రూ.1,65,000 అవుతుంది. నాలుగోది పడితే రూ.2,20,000. అంటే అక్టోబరు జీతం దగ్గరే పరిమితి దాటిపోతుంది. మధ్యలో ఇంటి నుంచి డబ్బు పంపితే ఇంకా ముందే.

మీ ఖాతా ఏ రకమో గుర్తుపట్టడం తేలికే. తెరిచేటప్పుడు బ్యాంకు ఉద్యోగి వీడియో కాల్‌లో మాట్లాడకుండా, మీరు బ్రాంచ్‌కు వెళ్లకుండా, ఓటీపీతోనే పని అయిపోయిందా? అయితే అది పరిమితులున్న ఖాతానే. వీడియో కేవైసీని ఎదురుగా చేసినదాంతో సమానంగా చూస్తారు కాబట్టి అది పూర్తి చేస్తే ఈ పరిమితులు ఉండవు. మొదటి జీతం పడేలోపే చేయించుకోవడం మంచిది.

ఊళ్లో ఇప్పటికే పూర్తి కేవైసీ ఉన్న ఖాతా ఉంటే, కంపెనీ ఒప్పుకుంటే, జీతం అందులోనే వేయించుకోవచ్చు. బ్రాంచ్ మార్చుకున్నా, కేవైసీ గడువు తీరకపోతే మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. కొత్త అడ్రస్ ఇస్తే చాలు.

ఆధార్‌లో అడ్రస్ మార్చేయమని కొందరు సలహా ఇస్తారు. ఆరు నెలల్లో ఖాళీ చేసే హాస్టల్ కోసం అది అనవసరం అనిపిస్తుంది. ఇల్లు అద్దెకు తీసుకున్నాక ఆలోచించవచ్చు.

డిక్లరేషన్‌లో అడ్రస్ మాత్రం జాగ్రత్తగా రాయాలి. హాస్టల్ పేరు, గది నంబరు, దగ్గరి గుర్తు, పిన్‌కోడ్ అన్నీ ఉండాలి. గచ్చిబౌలికి 500032, మాదాపూర్‌కు 500081, కొండాపూర్‌కు 500084. డెబిట్ కార్డు ఆ అడ్రస్‌కే వస్తుంది. కొరియర్ వచ్చే వేళకు మీరు ఆఫీసులో ఉంటారు కాబట్టి హాస్టల్ వార్డెన్‌కు ముందే చెప్పి ఉంచండి.

డిక్లరేషన్ తీసుకోబోమని బ్రాంచ్‌లో అంటే, నిరాకరణ కారణం రాతపూర్వకంగా అడిగి బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి రుసుము లేదు.