వలపాటకు పేరు పెట్టాలంటే...

మైపాడు ఒడ్డున అలివి వల లాగేటప్పుడు పాట ఎవరిదని ఎవరూ అడగరు. ఒకరు ఎత్తుకుంటారు, తాడు పట్టినవాళ్లంతా వంత పలుకుతారు. అదే పాటను యూట్యూబ్‌లో పెట్టబోతే మొదటి గడిలోనే ప్రశ్న ఎదురవుతుంది: దీని పేరేమిటి?

నెల్లూరు తీరంలో ఒక గాయని ఉందనుకోండి. తాత దగ్గర నేర్చుకున్న వలపాటను సొంత ఖర్చుతో రికార్డు చేయించింది. వెనక క్యాసెట్ల కంపెనీ లేదు, పోస్టర్లు లేవు. పాట పేరు, దాని కింద రాసే నాలుగు మాటలే ఆమెకు ప్రచారం.

పేరుకు వంద అక్షరాల దాకా చోటుంది. కానీ సెల్‌ఫోన్‌లో వెతికేవారికి ముందున్న కొన్ని మాటలే కనిపిస్తాయి. ఆ కాస్త చోటునూ చాలామంది 'లేటెస్ట్ సూపర్ హిట్ డీజే సాంగ్' అని నింపేస్తారు. డీజే మోత కోసం వచ్చినవాడు తాత పాట వినగానే వెళ్లిపోతాడు. అందుకే పాట పేరే ముందుండాలి:

```
అలివి వల పాట | Alivi Vala Pata | Mypadu Folk Song
```

రెండు లిపులూ ఎందుకంటే, తెలుగులో వెతికేవాళ్లలో చాలామంది టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఇక ఊరి పేరు ఎందుకంటే, యూట్యూబ్‌లో 'తెలుగు ఫోక్' అనగానే ఎక్కువగా వచ్చేవి తెలంగాణ ఆటపాటలు. వాటి మధ్య సముద్రపు పాట కలిసిపోకుండా ఉండాలంటే ఫోక్ అనే మాట ఒక్కటే చాలదు. ఏ ఊరిది, ఏ పని చేస్తూ పాడేది అన్నది పక్కనే ఉండాలి.

ట్యాగుల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. వాటి పాత్ర చాలా తక్కువని, జనం తరచూ స్పెల్లింగు తప్పు రాసే పేర్లకే అవి పనికొస్తాయని యూట్యూబే చెబుతోంది. తెలుగు పేర్లకున్న చిక్కు సరిగ్గా అదే. ఒకరు `Mypadu` అంటే ఇంకొకరు `Maipadu` అంటారు. ఒకరు `Pata` రాస్తే మరొకరు `Paata` రాస్తారు. ఆ రూపాలన్నీ ట్యాగుల గడిలో వేస్తే సరిపోతుంది. పాటతో సంబంధం లేని పేరున్న గాయకుల పేర్లు అక్కడ ఇరికిస్తే జనాన్ని తప్పుదోవ పట్టించినట్టు లెక్క, వీడియోనే తీసేయవచ్చు. హ్యాష్‌ట్యాగులు కూడా రెండు మూడు చాలు. అరవై దాటితే ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోరు.

అసలు జాగ్రత్త కావాల్సింది పాట కింద రాసే వివరంలో. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం 'సారంగదరియా' పాట విడుదలైనప్పుడు, ఆ జానపదాన్ని సేకరించినవారికి దక్కాల్సిన గుర్తింపు గురించి పెద్ద చర్చే నడిచింది. పేరున్న సినిమాకే తప్పని చిక్కు అది. మన గాయని ఆలోచించకుండా 'రచన' అని రాసి ఎదురుగా తన పేరు పెట్టుకుంటే, రేపు పల్లెలోనే మాట పడాల్సి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇలా ఉంటుంది:

```
మైపాడు తీరంలో అలివి వల లాగుతూ పాడే పాట.
సంప్రదాయ గీతం. నేర్పినవారు: (తాత పేరు)
రెండో చరణం కొత్త రచన, గానం: (గాయని పేరు)
```

వివరానికి అయిదు వేల అక్షరాల దాకా చోటున్నా, నొక్కి తెరవకముందు కనిపించేది మొదట్లోని కొంత భాగమే. అందుకే ఊరూ, తాతా ముందుకొచ్చారు. గాయని పేరు ప్రతి పాటకూ ఒకే స్పెల్లింగుతో ఉండాలి. ఇతర సంగీత యాప్‌లకు పాటను పంపేటప్పుడు ఒక్క అక్షరం మారినా, ఆమె పాటలు ఇద్దరు గాయనుల పేజీల్లోకి చీలిపోయే ప్రమాదముంది.

పెట్టిన పేరు పని చేస్తోందో లేదో తెలుసుకునే దారి యూట్యూబ్ స్టూడియోలోనే ఉంది. నొక్కేవాళ్లు బాగానే ఉండి, మొదటి అరనిమిషంలోనే గీత నిట్టనిలువుగా పడిపోతోందంటే పేరు ఒకటి చెబుతోంది, పాట ఇంకొకటి వినిపిస్తోందని అర్థం. నొక్కేవాళ్లే లేకపోతే పేరో, బొమ్మో వాళ్లను ఆపలేకపోతోందన్నమాట. ఏ మాటలు టైపు చేసి పాట దాకా వచ్చారో కూడా అక్కడ కనిపిస్తుంది. ఎక్కువమంది `Maipadu` అని వెతుకుతుంటే పేరులోనూ అదే పెట్టుకోవచ్చు. పేరూ వివరమూ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, పాట లింకు మారదు, చూసినవారి లెక్కా పోదు.

తాత పేరు రాయడానికి మాత్రం ఆయన్ను ముందే అడగాలి. ఆ పాట ఆయనకు నేర్పిందెవరో తెలిస్తే, వివరంలో ఇంకో వరుస చేరుతుంది.