పన్ను బరువు ఎవరి మీద ఎంత?

దేశంలో పన్ను కట్టేది కొద్దిమందేననీ, మిగిలిన వారంతా వారి సొమ్ముతో బతుకుతున్నారనీ కొందరు తరచు అంటూంటారు. ఆదాయపు పన్ను వరకే చూస్తే ఇందులో కొంత నిజం ఉన్నట్లు కనిపిస్తుంది. కాని కిరాణా కొట్టులో సబ్బుబిళ్ళ కొన్న ప్రతివారూ పన్ను కడుతున్నవారే. ఆ పన్ను ధరలో కలిసిపోవడం వల్ల కంటికి కనపడదు, అంతే.

పన్ను న్యాయమైనదో కాదో తేల్చడానికి ఎవరు ఎన్ని రూపాయలు కట్టారన్నది చాలదు. తన సంపాదనలో నూటికి ఎంత కట్టారన్నది చూడాలి. ఈ కొలత ప్రకారం పన్నులు మూడు రకాలు.

ఉదాహరణకు గూడూరు మండలం కప్పలదొడ్డిలో ఒక చేనేత కుటుంబం ఏడాదికి 1,20,000 రూపాయలు సంపాదిస్తోందనుకుందాం. బందరులో ఒక డాక్టరు గారికి సొంత ప్రాక్టీసు మీద ఖర్చులు పోను 24 లక్షలు వస్తున్నాయనుకుందాం.

మొదటిది అమ్మకపు పన్ను. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1939లో రాజాజీ ప్రభుత్వం దీన్ని తెచ్చింది. మద్యనిషేధం వల్ల ఖజానాకు పడిన గండిని పూడ్చుకోవడం అందుకు ఒక కారణం. 2005లో అది వ్యాట్‌గానూ, 2017 జూలై 1 నుంచి చాలా వస్తువులపై జి.ఎస్.టి.గానూ మారింది. పేరు మారినా, చివరకు భరించేది కొనుగోలుదారుడే.

నేతకారుని ఇంట సబ్బు, నూనె, పంచదార, టీపొడి వంటి 5 శాతం సరుకులు ఏడాదికి 60,000 రూపాయల విలువైనవి కొంటే పన్ను 3,000 అవుతుంది. అంటే సంపాదనలో నూటికి రెండున్నర రూపాయలు. డాక్టరు గారు అవే రకం సరుకులు 2,40,000 రూపాయలకు కొంటే పన్ను 12,000. అది నాలుగింతలు ఎక్కువే. కాని ఆయన ఆదాయంలో నూటికి అర్ధరూపాయి మాత్రమే. కారు వంటి వాటి మీద ఆయన ఇంకా ఎక్కువ రేటు కట్టవచ్చు. అయినా బాంకులో దాచుకున్న సొమ్ము మీద అమ్మకపు పన్ను పడదు. నేతకారునికి దాచుకునేందుకు మిగిలేది లేదు. ఇలా ఆదాయం తగ్గిన కొద్దీ బరువు పెరిగే పన్నును తిరోగామి పన్ను అంటారు.

రెండవది అనుపాత పన్ను. బీదకూ ధనికునికీ ఒకే రేటు. నూటికి 10 చొప్పున వేస్తే డాక్టరు గారు 2,40,000, నేతకారుడు 12,000 కట్టాలి. లెక్క సమానమే. అయితే ఆ 12,000 నేత కుటుంబానికి ఒక నెల రాబడికి మించినది, అంటే తిండికి కోత. డాక్టరు గారి ఇంట పొయ్యి ఆరదు. రష్యా 2001లో 13 శాతం ఒకే రేటు పెట్టి, 2021 నుంచి అధిక ఆదాయాలపై రేటు పెంచవలసి వచ్చింది.

మూడవది పురోగామి పన్ను, మన ఆదాయపు పన్ను వంటిది. 2025-26 కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి ప్రతి 4 లక్షలకూ వరుసగా 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటిన దానిపై 30 శాతం. పై మెట్టు ఎక్కితే మొత్తం ఆదాయానికి పై రేటు పడుతుందని చాలామంది అపోహ పడుతుంటారు. ఆ మెట్టులోని సొమ్ముకే ఆ రేటు. డాక్టరు గారికి అన్ని మెట్లూ కలిపి 3 లక్షలు, దానిపై సెస్సు 12,000, వెరసి 3,12,000. అంటే నూటికి 13. నేతకారునికి ఏమీ లేదు.

అయితే ఈ పన్నుకూ లోపం ఉంది. కనబడిన ఆదాయానికే అది అందుతుంది. జీతగాడు దాచలేడు, రొక్కం వ్యాపారి దాచగలడు. ఎంత పెద్దదైనా వ్యవసాయాదాయంపై కేంద్రం పన్ను లేదు. అందుకే ఖజానా వెలితి పడినప్పుడల్లా ప్రభుత్వాలు సులువుగా వసూలయ్యే అమ్మకపు పన్ను వైపు మొగ్గుతాయి.

అమ్మకపు పన్ను వద్దనడం సాధ్యం కాదు. దాని పదును తగ్గించవచ్చు. విడి బియ్యం, ఉప్పు, పాలు, కూరగాయలపై జి.ఎస్.టి. లేదు. సబ్బు, తలనూనెలపై 18 శాతంగా ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 5 అయింది. ఇది సరైన దారి. కాని బట్టలుతికే పొడిపై 18 శాతం అలాగే ఉంది. పెట్రోలు, డీజిలు జి.ఎస్.టి.లోకి రాలేదు. వాటిపై రాష్ట్రం పన్ను వేరుగా కొనసాగుతున్నది. ఆ డీజిలు భారం లారీ కిరాయిగా మారి మన ఊరి కొట్టులోని ప్రతి సరుకు మీదా పడుతుంది.

కాబట్టి కొత్త పన్ను వచ్చినప్పుడు రేటు ఎంత అని మాత్రమే గాక, ఎవరి సంపాదనలో నూటికి ఎంత పోతుందని అడగాలి. లోటు పూడ్చవలసి వస్తే ముందు దాగిన ఆదాయాలను వెలికి తీయాలి. అవసర సరుకుల జోలికి చివరగా వెళ్ళాలి. అట్లు అడిగే హక్కు నేతకారునికీ ఉంది, ఎందుకంటే అతడూ పన్ను కట్టేవాడే.