అమానత్ అంటే ముఫ్త్ సరుకు కాదు భాయ్

"అమ్ముడైతే పైసలిస్తా, లేకుంటే వాపస్ తీసుకెళ్లు. నూటికి ఇరవై నాది." నరసరావుపేటలో మా ఆపా ఇంట్లో పట్టిన పండుమిర్చి పచ్చడికి మనవాళ్ల కిరాణా దుకాణం ఒకటి పెట్టిన షర్తు ఇది.

హిసాబ్ చూడండి. సీసా ధర 120 రూపాయలు, తయారీ ఖర్చు 70. ఆపా ఇచ్చింది 20. అమ్ముడైనవి 14, మిగతా ఆరూ తారీఖు దాటాక వాపస్ వచ్చాయి. సీసాకు 96 చొప్పున ఆపాకు 1344 రావాలి. ఖర్చేమో 1400! దుకాణానికి 336 మునాఫా, ఆపాకు 56 నుక్సాన్. ఆ 1344 కూడా "జుమా తర్వాత రా" అంటూ మూడు జుమాలు తిప్పాకే చేతికొచ్చింది.

ఇరవై శాతం ఎవరికి హక్కు? సరుకు కొని, మిగిలితే తానే భరించేవాడికి. పైసా పెట్టనివాడికి పది చాలు. అప్పుడు అవే 14 సీసాలకు ఆపాకు 1512 వచ్చేవి.

ఎండలో పెట్టి పాడుచేసిన సీసా కూడా ఆపా నెత్తినేనట! అమానత్ ఉంచుకున్నవాడి గఫ్లత్ వల్ల పాడైతే అతనే కట్టాలి. ఏ ఆలిమ్‌నైనా అడగండి.

"మనలో మనకు రాతకోతలెందుకు?" అంటారు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరా 282, బాకీ రాసుకోమనే కదా చెప్పింది!

ఇప్పుడు ఆపా ఒక్కో దుకాణానికి ఆరు సీసాలే ఇస్తోంది. రెండు చీటీలు, రెండింటి మీదా దస్తఖత్. ప్రతి గురువారం లెక్కపెట్టి, అమ్మినవాటి పైసలు అప్పుడే తీసుకుంటుంది. తారీఖుకు నెల ముందే పాతవి మార్చేస్తుంది. ఆ పాత దుకాణదారుడు ఒప్పుకోలేదు. వేరే ఇద్దరు ఒప్పుకున్నారు.