వెల్డింగ్ అంటే గేట్లు అతకడమేనా?

ఇంటర్ ఫలితాలు రాగానే మన జి.కొండూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఒకటే లెక్క, మావాడికి ఇంజనీరింగ్ సీటు ఎక్కడొస్తుందని. ఐటీఐ మాటెత్తితే "రేపు పిల్లనెవరిస్తారండీ?" అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. మనకు కనపడే వెల్డర్ రోడ్డు పక్క షెడ్డులో గేట్లు, ట్రక్కులు అతికేవాడే. అక్కడే ఆగితే ఎదుగుదల తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అది మొదటి మెట్టు మాత్రమే.

పై మెట్టు చూడాలంటే దూరం పోనక్కర్లేదు, మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ఉంది. అక్కడ బాయిలర్ ట్యూబుల్లో ఆవిరి విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. ఒక్క అతుకు కారితే యూనిట్ ఆపాల్సి వస్తుంది. అందుకే ఆ పని చేసేవాడికి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, చేతికే పరీక్ష పెడతారు.

ఆ పరీక్షల్లో పెద్దది 6జీ. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పనివ్వరు. పైపు కదలదు కాబట్టి మనిషే చుట్టూ తిరగాలి. ఒకే అతుకులో కొంత పైనుంచి, కొంత పక్కనుంచి, కొంత కిందనుంచి పడుకున్నట్టు వంగి చేయాలి. మొదటి వరుస సాధారణంగా ఆర్గాన్ గ్యాసుతో టిగ్ వెల్డింగ్, దాని మీద రాడ్డుతో నింపుతారు. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. పైకి నున్నగా ఉన్నా లోపల గాలి బుడగలు, కరగని అంచులు ఉంటే ఫిల్మ్ మీద బయటపడతాయి.

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఏడాది వెల్డర్ కోర్సు చేసి, గేట్ల షెడ్డులో రెండేళ్ళు పనిచేసి ఈ పరీక్షకు వెళ్ళాడు. మొదటిసారి పోయింది. కారణం, రాడ్లు తేమ పట్టాయి. గేట్లకు వాడే రాడ్డు కొంచెం చెమ్మ తగిలినా నడుస్తుంది. పైపులకు వాడే 7018 రాడ్డును మాత్రం ఓవెన్‌లో వేడి చేసి, వేడి తగ్గకుండా వాడాలి. ఆ సంగతి షెడ్డులో ఎవరూ చెప్పలేదు. రెండోసారి నెగ్గాడు. ఇప్పుడు చూపు ఫోర్‌మన్ మీద, ఆ తర్వాత వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ మీద ఉంది.

ఇందులో కష్టం లేదని నేననను. ఎక్కువ పని కాంట్రాక్టర్ కింద, యూనిట్ మరమ్మతుకు ఆగినప్పుడే జోరుగా ఉంటుంది. పొగ ఊపిరితిత్తులకు, వెలుగు కళ్ళకు చేటు. ఆరు నెలలు ఆ పని వదిలేస్తే చాలాచోట్ల మళ్ళీ పరీక్ష రాయాల్సిందే.

కాబట్టి నేననేది ఇంతే. డిగ్రీకి కట్టే డబ్బులో కొంతతోనే ఈ పని నేర్పించొచ్చు. కానీ చేర్చే ముందు మూడు సంగతులు అడగండి: పైపు మీద ప్రాక్టీసు చేయిస్తారా? టిగ్ మెషీన్, రాడ్ల ఓవెన్ ఉన్నాయా? అతుకు కోసి, వంచి లోపల చూపిస్తారా? లేవంటే అక్కడ గేట్ల పనే నేర్పుతారు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా "ఏం చదివాడు" తో ఆగకుండా, "ఏ పరీక్ష నెగ్గాడు" అని అడిగితే బాగుంటుంది.