వెనక సీటు, ముప్ఫై సెకన్లు

డిసెంబర్ వస్తోందంటే మా ఊళ్ళో సగం మంది తెలుగువాళ్ళ ఇళ్ళల్లో సూట్‌కేసులు తూకమేయడం మొదలవుతుంది. సెలవులకి ఇండియా వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేలా రోడ్డు భద్రత మీద ముప్ఫై సెకన్ల వీడియో ఒకటి చేద్దామని ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు అనుకున్నారు. స్క్రిప్టు రాసే పని నాకిచ్చారు. బ్లాగు రాస్తాడు కదా, ముప్ఫై సెకన్లేగా, అరగంటలో అయిపోతుందని వాళ్ళ లెక్క. నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో ఏం చేశానన్నదే ఈసారి కబురు.

ముందు టైము లెక్క. మామూలు వేగంతో తెలుగు చదువుతూ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకున్నాను. ముప్ఫై సెకన్లకి యాభై, యాభై ఐదు మాటలు వచ్చాయి. మన మాటలు పొడుగు కదా, ఇంగ్లీషులో అంతకన్నా ఎక్కువ పడతాయి. పైగా యాభై ఐదు మాటలూ వాడేస్తే అది వీడియో అవదు, రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. బొమ్మకి ఊపిరాడాలంటే అందులో సగమే వాడుకోవాలి. అంటే చేతిలో ఉన్నవి పాతిక మాటలు. పాతిక మాటల్లో రెండు సంగతులు చెప్పడం కుదరదు.

మరి ఆ ఒక్క సంగతి ఏది? హెల్మెట్, తాగి నడపడం, ఫోన్ మాట్లాడటం, నిద్రమత్తు, అన్నీ ముఖ్యమే. అయితే ఈ వీడియో చూసేది ఎవరు? ఇక్కణ్ణించి వెళ్ళి శంషాబాద్‌లో దిగి, ట్యాక్సీ ఎక్కి ఖమ్మమో విజయవాడో వెళ్ళేవాళ్ళు. వాళ్ళు బండి నడపరు, వెనక సీట్లో కూర్చుంటారు. కాబట్టి వాళ్ళ చేతిలో ఉన్న పని ఒక్కటే, వెనక సీటు బెల్టు. మిగతావన్నీ డ్రైవరుకి చెప్పాల్సినవి. వాటికి వేరే వీడియోలు, వేరే చూసేవాళ్ళు.

ఈ సంగతి మనవాళ్ళకి తెలియదా అంటే, తెలుసు. అమెరికాలో బండి గేరు మార్చకముందే అందరికీ బెల్టు పడుతుంది. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు ప్రమాదానికి గురైనప్పుడు ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ గాయాలతో బతికారు, వెనక ఉన్న ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ వారమంతా ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ అదే మాట. చట్టమూ కొత్తది కాదు. ముందుకి తిరిగి ఉన్న వెనక సీట్లకి కూడా బెల్టు తప్పనిసరని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

ఇంత తెలిసినవాడు శంషాబాద్‌లో బెల్టు ఎందుకు పెట్టుకోడు? ఇండియా వెళ్ళొచ్చిన పదిమందిని అడిగాను. దాదాపు అందరూ ఒకే కథ చెప్పారు. బెల్టు పట్టీ కిటికీ పక్కన వేలాడుతూనే ఉంటుంది. లాగితే వస్తుంది. దాన్ని గుచ్చాల్సిన బకిల్ మాత్రం కనపడదు. అది సీటు కవర్ కింద ఉంటుంది. కవర్ కుట్టించేటప్పుడు కూర్చోవడానికి గుచ్చుకుంటున్నాయని బకిళ్ళని లోపలికి తోసేస్తారు. వేళ్ళతో తడుముతుంటే డ్రైవర్ అద్దంలో చూసి, “వెనక అక్కర్లేదు సార్” అంటాడు. ఆయన తప్పు పట్టేలా అనడు, మన శ్రమ తగ్గిద్దామని అంటాడు. సామాను ఎక్కించేశారు, అర్ధరాత్రి దాటింది, అమ్మానాన్నలు నిద్ర ఆపుకుని వచ్చారు. ఇప్పుడు డ్రైవర్‌ని దింపి సీటు కవర్ పీకించడమంటే మొహమాటం. పట్టీ వదిలేస్తాడు.

అక్కడ నాకు స్క్రిప్టు దొరికింది. అడ్డుపడుతున్నది తెలియకపోవడం కాదు, కవర్ కింద బకిలూ నోట్లో మొహమాటమూ. “సీటు బెల్టు ప్రాణం కాపాడుతుంది” అని ముప్ఫై సెకన్లు చెప్తే, తెలిసిందే మళ్ళీ చెప్పినట్టు. చూపించాల్సింది ప్రమాదాన్ని కాదు. ఆ మొహమాటపు క్షణాన్ని, దాన్ని దాటే ఒక్క మాటని.

నుజ్జయిన కారు, రక్తం, అంబులెన్స్ మోత పెట్టమని ఒకాయన గట్టిగానే అన్నారు. చూసినవాడు ఉలిక్కిపడతాడు, నిజమే. కానీ వేలు పైకి తోసేస్తాడు, లేదా ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకున్న ముఖానికి చివరి వాక్యం కనపడదు. పైగా ఆ బొమ్మ మనసులో మిగిలినా, ట్యాక్సీ ఎక్కాక ఏం చెయ్యాలో చెప్పదు.

అలాగని కారణమే చెప్పకుండా పని చెప్తే వినరు. ఒక కారణం కావాలి, ఒకటే. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. గుద్దుకున్నప్పుడు కారు ఆగుతుంది, బెల్టు లేని మనిషి ఆగడు, అదే వేగంతో ముందుకి పోతాడు. దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు మీంచి పడితే నేలని తాకే వేగం అది. వెనక కూర్చున్నవాడికి ఆ నేల ముందు సీటే. ఆ సీట్లో ఎవరుంటారు? ఎయిర్‌పోర్టు ట్యాక్సీలో డ్రైవర్ పక్కన కూర్చునేది మన ఇళ్ళల్లో నాన్నే. నాన్న బెల్టు పెట్టుకునే ఉంటాడు, ముందు సీటుకి పోలీసులు చూస్తారు కాబట్టి. మనం పెట్టుకోకపోతే మన బరువంతా వెళ్ళి పడేది ఆయన వీపు మీద. మూడో అంతస్తు లెక్క నా నోట్సులోనే ఉండిపోయింది. స్క్రిప్టులోకి నాన్న ఒక్కడే వెళ్ళాడు.

పాత్రల్ని ఎంచుకోవడంలో కూడా కొంత ఆలోచించాలి. చూసేవాడికి మనం చెప్పినదే కాదు, వెనకాల కనపడేదంతా పాఠమే. చంటిపిల్లని ఒడిలో పెట్టుకున్న అమ్మమ్మని చూపిస్తే ముద్దుగా ఉంటుంది, కానీ ఒడిలో పిల్ల ఉండటం సరైనదే అన్నట్టవుతుంది. ఆరేళ్ళ పిల్లాడికి పెద్దవాళ్ళ బెల్టు వేసి చూపిస్తే అదీ తప్పే, పట్టీ మెడకి అడ్డం పడుతుంది. వాడికి బూస్టర్ సీటు కావాలి, అది ఇంకో వీడియో. అందుకని కార్లో పిల్లలెవ్వరూ లేరు. నాన్న, అమ్మ, కొడుకు, డ్రైవర్, అంతే. డ్రైవర్‌ని విలన్ చెయ్యకూడదని ముందే అనుకున్నాను. ఆయన్ని దబాయించి బెల్టు తీయించినట్టు చూపిస్తే, రేపు చూసినవాడికి ఆ మొహమాటం ఇంకా పెరుగుతుంది.

చివరికి తేలిన స్క్రిప్టు ఇది.

0–4 సెకన్లు: రాత్రి, ఎయిర్‌పోర్టు పార్కింగ్. డిక్కీ మూత పడుతుంది. నాన్న ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటాడు. మాటల్లేవు.

4–9: నాన్న వెనక కొడుకు, పక్కన అమ్మ. కొడుకు పట్టీ లాగుతాడు. రెండో చెయ్యి సీటు మీద తడుముతుంది. బకిల్ లేదు, కవర్ ఉంది.

9–13: డ్రైవర్ అద్దంలో చూస్తూ నవ్వుతూ: “వెనక అక్కర్లేదు సార్.” కొడుకు చెయ్యి ఆగుతుంది.

13–18: కొడుకు కళ్ళకి ఎదురుగా నాన్న తల వెనక భాగం, నెరిసిన జుట్టు. కొడుకు గొంతు, లోపల్లోపల: “బండి గుద్దుకుంటే వెనకున్న నేను పడేది నాన్న మీదే.”

18–24: కొడుకు: “అన్నా, ఒక్క నిమిషం. బకిల్ కవర్ కింద ఉన్నట్టుంది, తీద్దామా?” తర్వాత దగ్గరగా రెండు చేతులు, ఒకటి డ్రైవర్‌ది, ఒకటి కొడుకుది. కవర్ పైకి లేస్తుంది, రెండు బకిళ్ళు బయటికొస్తాయి.

24–27: దగ్గరగా బకిల్. క్లిక్. అమ్మ చెయ్యి. ఇంకో క్లిక్. రెండుసార్లూ తెర మీద “క్లిక్” అనే అక్షరాలు.

27–30: బండి కదులుతుంది. తెర మీద, గొంతులో: “వెనక సీట్లోనూ క్లిక్ అన్నాకే బండి కదలాలి.”

మాటలు లెక్కపెడితే ఇరవై నాలుగు. క్లిక్ అక్షరాల్లో ఎందుకంటే, ఆఫీసులోనో పక్కన పిల్లలు నిద్రపోతుంటేనో సగం మంది సౌండు తీసేసి చూస్తారు. మొత్తం వీడియో ఒక శబ్దం మీద నిలబడితే, ఆ శబ్దం కంటికి కూడా కనపడాలి.

చివరి వాక్యం దగ్గరే ఎక్కువ రోజులు గడిచాయి. “భద్రతే జీవితం” లాంటివి లారీ వెనకాల బాగుంటాయి, కానీ అవి ఎవర్నీ ఏమీ చెయ్యమనవు. “వెనక సీటు బెల్టు మరవకండి” కొంత నయం, కానీ ఎవరూ మరిచిపోవట్లేదు కదా, దొరక్క వదిలేస్తున్నారు. “క్లిక్ అన్నాకే బండి కదలాలి” అనడంలో ఎప్పుడు చెయ్యాలో ఉంది, చేసినట్టు ఎలా తెలుస్తుందో ఉంది. “కదలండి” అంటే డ్రైవర్‌కి చెప్పినట్టు. “కదలాలి” అంటే అది కార్లో ఉన్న నలుగురికీ వర్తించే నియమం, ఎవరైనా గుర్తుచేయొచ్చు.

పని చేస్తుందో లేదో చూడటానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఫోన్లో తీసిన కచ్చా వీడియోని మా పిన్నికి పంపాను, ఏ వివరమూ చెప్పకుండా. మర్నాడు ఫోన్ చేసి, “అందులో ఏం చెయ్యమన్నారు పిన్నీ?” అని అడిగాను. “బండి కదిలేముందు వెనక బెల్టు క్లిక్కుమనాలట. మా కారు కవర్ల కింద కూడా ఉన్నాయేమో చూడమన్నాను మీ బాబాయిని” అంది. ఇంకో ముగ్గురికి పంపితే ముగ్గురూ అదే పని చెప్పారు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పుంటే అందులో రెండో సందేశం ఎక్కడో దూరినట్టు. “చాలా బాగా తీశారు” అని మాత్రమే చెప్పుంటే అసలు సందేశమే లేనట్టు.

సంఘం మీటింగులో నిద్రమత్తు గురించి ఒక్క ముక్క, చివర్లో ఐదు సెకన్లు లోగో, స్పాన్సర్ పేర్లు కలపమన్నారు. లోగోని మొదటి నాలుగు సెకన్లలో తెర మూలన చిన్నగా పెట్టాం. నిద్రమత్తు వీడియో సంక్రాంతికి. చివరి మూడు సెకన్లలో ఆ వాక్యం తప్ప ఇంకేమీ ఉండకూడదని మాత్రం పట్టుబట్టాను, ఒప్పుకున్నారు.

ఈ స్క్రిప్టు ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. దుబాయ్ నుంచి గన్నవరంలో దిగేవాళ్ళకైతే పార్కింగ్ మార్చుకోండి, ముందు సీట్లో నాన్న బదులు మావగారిని కూర్చోబెట్టుకోండి. చివరి వాక్యం తర్వాత మాత్రం ఇంకేమీ కలపకండి.